ఈథర్‌పై గ్రిడ్ బాట్: దీర్ఘకాలం నడిపాక తేలిన లెక్కలు

క్రిప్టో నాణేలను తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రాములైన గ్రిడ్ బాట్ల ప్రకటనల్లో కనిపించే వార్షిక రాబడి శాతాన్ని పట్టించుకోనక్కరలేదు. బాట్ ఇప్పటిదాకా పూర్తిచేసిన చిన్న చిన్న లాభాలను కూడి, ఏడాదికి సాగదీసి చూపే అంకె అది. బాట్ చేతిలో ఇంకా అమ్ముడుపోకుండా ఉన్న నాణేల విలువ ఎంత పడిపోయిందో అందులో ఉండదు. దుబాయ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక విదేశీ ఎక్స్ఛేంజ్‌లోని బాట్‌ను, హైదరాబాద్ తిరిగి వచ్చాక ఇక్కడి ఎక్స్ఛేంజ్‌లో నాణేన్ని నేరుగా రూపాయలతో కొని అమ్మే రూపాయల జతను వాడాను. రెండు చోట్లా యంత్రం ఒకటే, లెక్క మాత్రం పూర్తిగా వేరు.

గ్రిడ్ బాట్ చేసే పని చాలా సులువైనది. ధర తిరుగుతుందని మనం అనుకునే కింది హద్దు, పై హద్దు ఇస్తాం. మధ్యలో ఎన్ని గడులు కావాలో చెబుతాం. ధర ఒక గీత దిగినప్పుడల్లా బాట్ కొంచెం కొంటుంది, ఒక గీత ఎక్కినప్పుడల్లా కొంచెం అమ్ముతుంది. ధర ఎటు పోతుందన్న అభిప్రాయం దానికి ఉండదు. ఉన్న అభిప్రాయమల్లా మనదే: ధర ఈ హద్దుల మధ్యే తిరుగుతుందని.

2023 జూలై చివర్లో ఈథర్ అనే క్రిప్టో నాణెంపై పెట్టిన గ్రిడ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే కొద్ది నెలల వ్యవధిలో అది కింది హద్దూ దాటింది, పై హద్దూ దాటింది. అప్పుడు ఈథర్ ధర 1,860 డాలర్ల దగ్గర ఉంది. కింది హద్దు 1,700, పై హద్దు 2,000, గడుల సంఖ్య 15. అంటే గీతకూ గీతకూ మధ్య 20 డాలర్లు. ఒక్కో గడికి 0.05 ఈథర్. బాట్ మొదలవగానే 1,860కి పైనున్న ఏడు గడుల కోసం 0.35 ఈథర్‌ను మార్కెట్ ధరకు కొనేసింది. కిందనున్న ఎనిమిది గడుల కోసం కొనుగోలు ఆర్డర్లు వరసగా పెట్టింది. మొత్తం పట్టిన సొమ్ము 1,359 డాలర్లు. రుసుముల కోసం మరి కాస్త అట్టిపెట్టాను.

గీతల మధ్య దూరాన్ని డాలర్లలో సమానంగా పెట్టవచ్చు, శాతంలో సమానంగానూ పెట్టవచ్చు. ఇంత ఇరుకైన హద్దుల్లో పెద్ద తేడా రాదు. పై హద్దు కింది హద్దుకు రెట్టింపు ఉండేంత వెడల్పైన గ్రిడ్ అయితే శాతమే మేలు. లేకపోతే పై గడుల్లో లాభం రుసుముకే సరిపోయేంత చిన్నదవుతుంది.

ఒక గడి పూర్తయితే, అంటే ఒకసారి కొని పై గీత దగ్గర అమ్మితే, 0.05 ఈథర్‌కు 20 డాలర్ల చొప్పున ఒక డాలర్ వస్తుంది. కొనేటప్పుడు 0.1 శాతం, అమ్మేటప్పుడు 0.1 శాతం రుసుము. ఒక్కో ఆర్డర్ విలువ 93 డాలర్ల ప్రాంతం కాబట్టి రెండు వైపులా కలిపి 18, 19 సెంట్లు పోతాయి. చేతికి మిగిలేది సుమారు 81 సెంట్లు. గడులను 15 బదులు 60 చేస్తే గీతల మధ్య దూరం 5 డాలర్లకు పడిపోతుంది. అప్పుడు ఒక్కో చుట్టులో వచ్చే 0.27 శాతంలో 0.2 శాతం ఎక్స్ఛేంజ్‌కే వెళుతుంది. తెరమీద ఆర్డర్లు జరజరా పూర్తవుతుంటే చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ, సంపాదన ఎక్స్ఛేంజ్‌ది. గీతల మధ్య దూరం రెండు వైపుల రుసుముకు కనీసం నాలుగైదు రెట్లు ఉండాలన్నది నేను పాటించే కొలత.

మొదటి మూడు వారాలు ఈథర్ 1,820 నుంచి 1,880 మధ్యే మెల్లగా కదిలింది. రోజుకు ఒకటో రెండో గడులు పూర్తయ్యేవి, కొన్ని రోజులు ఏమీ జరిగేది కాదు. రుసుములు పోగా ఇరవై డాలర్ల దాకా పోగయింది. 1,359 డాలర్ల మీద మూడు వారాల్లో ఇరవై అంటే, ఏడాదికి సాగదీస్తే పాతిక శాతం. తెరమీద మెరిసేది ఈ అంకే.

ఆగస్టు 17 రాత్రి బిట్‌కాయిన్ 29,000 ప్రాంతం నుంచి 26,000 వైపు పడింది. ఈథర్ దాని వెంటే పడింది. క్షణాల్లో 1,600 కిందికి కూడా వెళ్ళి, కాస్త తేరుకుని 1,680 ప్రాంతానికి వచ్చింది. ఆ పతనంలో బాట్ తన పని తాను శ్రద్ధగా చేసింది. దారిలో ఉన్న ప్రతి గీత దగ్గరా కొంటూ వెళ్ళి, 1,700 దాటేసరికి డాలర్లన్నీ ఖర్చుచేసేసింది. చేతిలో 0.75 ఈథర్ మిగిలింది, సగటు కొనుగోలు ధర 1,812.

ఆ తర్వాతి వారంలో ధర 1,640 దగ్గర ఆడినప్పుడు లెక్క ఇదీ: ఒక్కో ఈథర్ మీద 172 డాలర్ల నష్టం, మొత్తం మీద 129. మూడు వారాల సంపాదన ఇరవై. ఈ నష్టాన్ని పూడ్చాలంటే సుమారు 160 గడులు పూర్తవ్వాలి. ధర హద్దుల బయట ఉన్నంతకాలం ఒక్క గడి కూడా పూర్తికాదు. ఇది బీమా కంపెనీ వ్యాపారం లాంటిది: చిన్న ప్రీమియంలు తరచూ వస్తాయి, పెద్ద పరిహారం అరుదుగా, ఒక్కసారే కట్టాలి. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రీమియం ఎంత ఉండాలో మనం నిర్ణయించలేం.

గమనించవలసింది ఇంకొకటుంది. అప్పుడు కూడా తెరమీద గ్రిడ్ లాభం ఇరవై డాలర్లు పచ్చరంగులోనే కనిపిస్తోంది. మొత్తం లాభనష్టం అన్న వరుస కిందెక్కడో, చిన్న అక్షరాల్లో ఎర్రగా ఉంది. బాట్ తెరచినప్పుడు నేను ముందు చూసేది ఆ రెండో వరుసనే.

ధర ఒక స్థాయికి పడగానే ఉన్నదంతా అమ్మేసే స్టాప్ లాస్ సంగతి అడుగుతారు. పెట్టవచ్చు, కింది హద్దుకు ఒకటి రెండు గీతల దిగువన పెడతారు. కానీ ఆ రాత్రి లాంటి పతనంలో 1,680 దగ్గర పెట్టిన స్టాప్ 1,680కే అమ్ముతుందన్న హామీ లేదు. ట్రిగ్గర్ పడ్డాక మార్కెట్ ధరకు అమ్ముతుంది, ఆ క్షణంలో కొనేవారు 1,630 దగ్గర ఉంటే అక్కడే తెగుతుంది. పైగా అలాంటి సూది పతనాల్లో ధర నిమిషాల్లో కొంత వెనక్కి వస్తుంది, మనం మాత్రం అట్టడుగున అమ్మేసి ఉంటాం. అందుకే నేను గ్రిడ్‌ను రెండు మూడేళ్ళు దాచుకోవడానికైనా సిద్ధపడే నాణెం మీదే నడుపుతాను, స్టాప్ పెట్టను. ఊరూపేరూ లేని నాణేల మీద నడిపేవారికి ఈ పద్ధతి పనికిరాదు. వాటికి స్టాప్ తప్పనిసరి, ఎందుకంటే అవి తిరిగి పైకి రావడం అన్నదే ఖాయం కాదు. అప్పు తీసుకుని నడిపే ఫ్యూచర్స్ గ్రిడ్ గురించి ఒక్క మాట చాలు: అందులో కింది హద్దు దాటాక వేచిచూసే అవకాశమే ఉండదు, ఎక్స్ఛేంజ్ మన నాణేలను బలవంతంగా అమ్మేసే లిక్విడేషన్ ధర వచ్చేస్తుంది.

ఈథర్ సెప్టెంబరు, అక్టోబరుల్లో 1,550 ప్రాంతానికి కూడా దిగింది. ఆ కాలమంతా బాట్ దాదాపు నిద్రలోనే ఉంది. అక్టోబరు చివర్లో మళ్ళీ హద్దుల్లోకి వచ్చింది. నవంబరు 9న 2,000 దాటింది. బాట్ ఉన్నదంతా అమ్మేసి, డాలర్లతో చేతులు కట్టుకుని కూర్చుంది. గడుల లాభం, మొదట్లో కొన్న 0.35 ఈథర్‌ను పైగీతల దగ్గర అమ్మగా వచ్చిన తేడా కలిపితే మొత్తం 75 డాలర్ల దరిదాపు. అదే 1,359 డాలర్లతో మొదటి రోజునే 0.73 ఈథర్ కొని ఊరుకుని ఉంటే, 2,000 దగ్గర 102 డాలర్లు వచ్చేవి. 2024 మార్చిలో ఈథర్ 4,000 తాకింది. అప్పుడు ఊరుకున్నవారి సొమ్ము 2,900 డాలర్లు, బాట్ సొమ్ము అదే 1,430.

పైకి పోవడం వల్ల ఖాతాలో నష్టం కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని ప్రమాదంగా లెక్కించరు. నా దృష్టిలో ఇదే పెద్దది. కిందికి పోతే పూర్తి నష్టం మనది, పైకి పోతే లాభం ఒక గీత దగ్గర తెగిపోతుంది. హద్దులను ధర వెంట పైకి జరిపే సౌకర్యం కొన్ని బాట్లలో ఉంది. ఒకసారి వాడి వదిలేశాను. అది అమ్మినదాన్నే ఎక్కువ ధరకు మళ్ళీ కొంటూ పోతుంది, చివరికి శిఖరం దగ్గర నిండా నాణేలతో నిలబెడుతుంది.

ఇక హైదరాబాద్ లెక్క. దుబాయ్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కనుక పైన చెప్పిన 81 సెంట్లు నావే. ఇక్కడ 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు. ఒక అమ్మకంలో వచ్చిన నష్టాన్ని ఇంకో అమ్మకంలోని లాభంతో సర్దుకోనివ్వరు. గ్రిడ్‌కు ఈ చివరి నిబంధన ప్రాణాంతకం. ఏడాదిలో గడుల లాభం 300 డాలర్లు వచ్చి, చివర్లో గ్రిడ్ మూసేటప్పుడు 200 నష్టం వచ్చిందనుకుందాం. నిజంగా మిగిలింది 100. పన్ను మాత్రం 300 మీద, అంటే 93 డాలర్ల పైచిలుకు.

2022 జూలై నుంచి ప్రతి అమ్మకంపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. అది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. నా పాత గ్రిడ్‌లో 94 డాలర్ల అమ్మకానికి 94 సెంట్లు కోత, గడి లాభం 81 సెంట్లు. రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చు కానీ, అప్పటిదాకా ప్రతి చుట్టులోనూ అసలే కొద్దికొద్దిగా కరిగిపోతుంటుంది. డాలర్ విలువకు కట్టిన నాణెం యూఎస్‌డీటీతో జత కడితే ఇంకా కష్టం, అది కూడా క్రిప్టో ఆస్తే కాబట్టి కొనేటప్పుడూ, అమ్మేటప్పుడూ కోత పడుతుంది. ఎక్స్ఛేంజ్ రుసుముపై 18 శాతం జీఎస్టీ అదనం.

అందుకని ఇక్కడ రూపాయల జతే, గీతల మధ్య దూరం 4, 5 శాతం. దీని వెనక చిన్న లెక్క ఉంది. ఒక చుట్టులో లాభం సుమారు 3.3 శాతం దాటితే, దానిపై కట్టవలసిన 31.2 శాతం పన్ను ఆ 1 శాతం టీడీఎస్ కంటే ఎక్కువ అవుతుంది. అప్పుడు టీడీఎస్ ఎలాగూ కట్టవలసిన పన్నులో ముందస్తు భాగమే తప్ప ఇరుక్కుపోయిన సొమ్ము కాదు. అంతకన్నా దగ్గరి గీతలతో ఇక్కడ గ్రిడ్ నడపడం వృథా. దూరం పెంచినందుకు గడులు వారానికి ఒకటి పూర్తయితే ఎక్కువ, కొన్ని నెలల్లో ఒక్కటీ పూర్తికాదు. ప్రతి అమ్మకాన్నీ కొన్న తేదీతో, ధరతో సహా రిటర్నులో క్రిప్టో ఆస్తుల కోసం ఉన్న వీడీఏ షెడ్యూల్‌లో చూపాలి కనుక, లావాదేవీల ఫైలును నెలనెలా దించుకుంటున్నాను. గడులు తక్కువైనందుకు ఆ పని ఒక్కటి తేలికైంది.