టిఫిన్ ఫ్రాంచైజీ బ్రోచర్‌లో ఆదాయం ఎలా రాయాలి? మూడు పద్ధతుల్లో ఏది మేలు?

బరంపురంలో నాలుగు దుకాణాలు ఉన్న ఒక టిఫిన్ సంస్థ రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఫ్రాంచైజీలు ఇవ్వడానికి సిద్ధమైందనుకుందాం. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి బ్రోచర్ వేయించింది. రెండో పేజీలో పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: ‘రోజుకు 8,000 అమ్మకం. 60 శాతం మార్జిన్. నెలకు 1,44,000 ఆదాయం. 8 లక్షల పెట్టుబడి ఆరు నెలల్లో వాపసు.’ చివరి పేజీ అడుగున, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అని ఉంది. బ్రోచర్లు సరిదిద్దే పనిలో నా చేతికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ అచ్చులోనే ఉంటాయి.

దీన్ని తిరగరాయడానికి మూడు దారులున్నాయి. ఒకటి, అంకెను కాస్త తగ్గించి ‘నెలకు 80,000 వరకు’ అని రాయడం. రెండు, ఆదాయం మాటే ఎత్తకుండా ఖర్చులు మాత్రమే చెప్పడం. మూడు, ఉన్న దుకాణాలన్నిటి అసలు అమ్మకాలను, ఖర్చులను వరసగా పెట్టడం. రిటైరయ్యాక వచ్చిన డబ్బునో, పొలం అమ్మిన డబ్బునో తెచ్చేవారు చదివే కాగితం ఇది. అందుకే ఏది మేలో అంకెలు వేసి చూడాలి.

మొదటి దారిలో చిక్కు అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది. రోజుకు 8,000 అమ్మకం నాలుగు దుకాణాల సగటు కాదు. బస్టాండు పక్కన సంస్థ సొంతంగా నడిపే ఒక్క దుకాణానిది. మిగిలిన మూడింటిలో ఒకటి రోజుకు 5,600 చేస్తోంది, ఇంకొకటి 5,000, మరొకటి 3,700. పైగా ఆ బస్టాండు దుకాణం ఎవరికీ రాయల్టీ, అంటే సంస్థ పేరు వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము, కట్టదు. ఇక ‘60 శాతం మార్జిన్’ అంటే అమ్మకంలోంచి బియ్యం, మినపప్పు, నూనె, పాలు, టీ పొడి ధర తీసేయగా మిగిలినది. అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు ఇంకా దాని లోపలే ఉన్నాయి. దాన్ని ఆదాయం అని రాస్తే, చదివేవారు జేబులో పడే డబ్బు అనే అనుకుంటారు. 1,44,000ను 80,000 చేసినా ఈ రెండు లోపాలూ ఎక్కడికీ పోవు. ‘వరకు’ అన్న మాట సంస్థను కాపాడుతుందేమో కానీ, చదివేవారి కన్ను ఆ మాట మీద ఆగదు, అంకె మీదే ఆగుతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో ఫ్రాంచైజీ ఇచ్చేవారు ఒప్పందం మీద సంతకానికి లేదా డబ్బు తీసుకోవడానికి కనీసం 14 రోజుల ముందు పూర్తి వివరాల పత్రం ఇవ్వాలి. ఆదాయం గురించి మాట్లాడితే దానికి సహేతుకమైన ఆధారం ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే భారత కాంట్రాక్టు చట్టం, 1872 ఉంది. నిజం కాని విషయాన్ని, తన దగ్గరున్న సమాచారం ఊతమివ్వకపోయినా, నిజమని గట్టిగా చెప్పడం దాని 18వ సెక్షన్ ప్రకారం తప్పుడు ప్రాతినిధ్యం కిందికి వస్తుంది, చెప్పినవారు దాన్ని నమ్మి చెప్పినా సరే. నిజం కాదని తెలిసి మోసగించే ఉద్దేశంతో చెబితే 17వ సెక్షన్ కింద మోసమే. అలా కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ ఇస్తుంది. కానీ అందులోనే ఒక మినహాయింపు ఉంది: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు అవతలివారికి ఉండి ఉంటే, తప్పుడు ప్రాతినిధ్యం పేరుతో రద్దు కోరడం కుదరదు. సంస్థల వాదన తరచు ఈ మినహాయింపు మీదే నిలబడుతుంది. కోర్టులో ఎవరు గెలిచినా, ఈలోగా ఎనిమిది లక్షలు పెట్టిన కుటుంబం నలిగిపోతుంది.

రెండో దారి జాగ్రత్తపరులది. ‘స్థలాన్ని బట్టి ఆదాయం మారుతుంది, మేం ఏ అంకె చెప్పం’ అంటారు. ఇందులో అబద్ధం లేదు, అది గొప్ప విషయమే. దుకాణం తెరిచి ఏడాది కూడా నిండని సంస్థకు నేనూ ఇదే చెబుతాను. చూపడానికి అంకెలే లేనప్పుడు ఊహించి రాయడం కంటే మౌనం మేలు. చిక్కల్లా, మౌనంగా ఉండేది కాగితం ఒక్కటే. ఏజెంటు వచ్చి కుర్చీలో కూర్చుని, ‘రాసివ్వలేం గానీ మీకు ఎంత లేదన్నా లక్ష మిగులుతుందండీ’ అంటాడు. నోటి మాటకు సాక్ష్యం ఉండదు. అంకెలు చేతిలో ఉండి కూడా దాచిన సంస్థ ఈ దారి పట్టిందంటే, ఆ ఖాళీని ఏజెంటు నింపుతాడని దానికి తెలుసు.

మూడో దారిలో ముందుగా నాలుగు దుకాణాల గత పన్నెండు నెలల సగటు అమ్మకాన్ని, 3,700తో సహా, వరసగా రాయాలి. ఏది సంస్థ సొంతమో, ఏది ఫ్రాంచైజీయో, ఏది ఎలాంటి చోట ఉందో పక్కనే చెప్పాలి. మూతబడిన దుకాణం ఉంటే అదీ ఆ వరసలో ఉండాలి. పన్నెండు నెలలని ఎందుకంటున్నానంటే, ఈ ప్రాంతంలో నెలకూ నెలకూ పోలిక ఉండదు. గుణుపూర్‌లో కాలేజీ విద్యార్థుల మీద నడిచే దుకాణం సెలవుల్లో వెలవెలబోతుంది. రాయగడలో మజ్జిగౌరమ్మ జాతర రోజుల అమ్మకాన్ని చూపించి ఏడాదంతా ఇంతే అంటే అది అబద్ధంతో సమానం.

ఆ తర్వాత మధ్యస్థంగా నడిచే దుకాణం లెక్క విప్పి చూపాలి. రోజుకు 5,000 అంటే నెలకు 1,50,000. సరుకులు, మిగిలిపోయి పారబోసే పిండి, సాంబారుతో కలిపి 45 శాతం, అంటే 67,500. కాగితం మీది మార్జిన్‌కూ అసలు మార్జిన్‌కూ తేడా మొదట కనిపించేది ఆ పారబోసే పిండిలోనే. అద్దె 12,000. ముగ్గురు పనివారికి 38,000. గ్యాసు, కరెంటు 11,000. రాయల్టీ అమ్మకం మీద 6 శాతం, 9,000. ఆ రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ మరో 1,620. ఈ 1,620 ఏ బ్రోచర్‌లోనూ నాకు కనబడదు. నమోదు అక్కరలేని చిన్న దుకాణానికైనా, 5 శాతం జీఎస్టీ కట్టే హోటలుకైనా అది తిరిగి రాదు, ఖర్చు కిందే పోతుంది. మొత్తం ఖర్చు 1,39,120. చేతికి మిగిలేది 10,880. యజమాని రోజంతా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కష్టానికి ఇందులో జీతం లెక్కించలేదు. బ్యాంకు అప్పు ఉంటే దాని వాయిదా కూడా ఇందులోంచే కట్టాలి.

ఇప్పుడు ‘ఆరు నెలల్లో వాపసు’ను ఈ లెక్కతో చూడండి. నెలకు 10,880 చొప్పున 8 లక్షలు రావడానికి ఆరేళ్లు దాటుతుంది. ఒప్పందం గడువు మాత్రం అయిదేళ్లే. అంటే పెట్టుబడి తిరిగి రాకముందే గడువు తీరుతుంది, రెన్యూవల్ ఫీజు కట్టమంటారు. రోజుకు 8,000 అమ్మే చోటు దొరికినా, అదనంగా ఒక మనిషిని పెట్టుకుని, గ్యాసు, కరెంటు 14,000 అయితే మిగిలేది 39,000 దాకా. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటుతుంది కాబట్టి జీఎస్టీ నమోదు తప్పదు. మెనూ ధరల్లోనే పన్ను కలిసి ఉంటే మరో 11,000 పైచిలుకు పోయి 27,500 మిగులుతాయి. అన్నిటికంటే మంచి దుకాణం పరిస్థితి ఇది. 1,44,000కూ దీనికీ ఎంత దూరమో చూడండి.

ఈ పేజీలో నేను తప్పక పెట్టమనే వాక్యం ఒకటుంది: ‘రోజుకు సుమారు 4,250 రూపాయల అమ్మకం దాటాకే లాభం మొదలవుతుంది.’ ఇది ఎలా వస్తుందంటే, అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు కలిపి నెలకు 61,000 వ్యాపారం జరిగినా జరగకపోయినా కట్టాలి. సరుకులకూ, రాయల్టీకీ, దాని మీది జీఎస్టీకీ పోగా ప్రతి రూపాయి అమ్మకంలో దాదాపు 48 పైసలు మిగులుతాయి. ఆ 48 పైసలతో 61,000 పూడాలంటే నెలకు 1,27,000 పైగా అమ్మాలి. రోజుకు చూస్తే సుమారు 4,250. ఇడ్లీ ప్లేటు 30, టీ 10 అనుకుంటే, రోజూ వంద ప్లేట్లు, నూట పాతిక టీలు. ఈ వాక్యం చదివినవారు తాము అద్దెకు తీసుకోబోయే గది ఎదురుగా నాలుగు రోజులు పొద్దున్నే నిలబడి, పక్క హోటల్లో ఎన్ని ప్లేట్లు పోతున్నాయో లెక్కపెట్టుకోగలరు. లాభం అంకె నమ్మాలో వద్దో తేల్చుకోవలసిన విషయం. ఇది స్వయంగా వెళ్లి సరిచూసుకోగలిగిన విషయం. రోజుకు 3,700 చేసే దుకాణం ఈ లెక్కన నెలకు 7,800 నష్టంలో ఉంది. ఆ మాటా రాయాలి.

‘ఇలా రాస్తే ఎవరు వస్తారండీ?’ అని సంస్థల యజమానులు అడుగుతారు. తక్కువ మందే వస్తారు. వచ్చినవారు మాత్రం తమ ఊరి లెక్క వేసుకుని వస్తారు, ఏడాదికే తాళం వేసి డిపాజిట్ వెనక్కి ఇమ్మని గొడవపడరు. మూతబడిన దుకాణం సంస్థకు తెచ్చే చెడ్డపేరు చిన్న ఊళ్లలో త్వరగా చెరగదు.

ఫ్రాంచైజీ తీసుకునేవారి బాధ్యతల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. చివరి పేజీ నుంచి వాటిని ఆదాయం ఉన్న పేజీకే తేవాలి, అదే సైజు అక్షరాల్లో. ‘సంస్థ ప్రమాణాలు పాటించాలి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఇడ్లీ రవ్వ, సాంబారు పొడి, టీ పొడి మా దగ్గరే కొనాలి. ధర మేం నిర్ణయిస్తాం, ఏడాదికి ఒకసారి మార్చవచ్చు’ అంటే అర్థమవుతుంది. ‘రాయల్టీ నామమాత్రం’ అనే చోట ‘నష్టం వచ్చిన నెలలో కూడా అమ్మకం మీద 6 శాతం కట్టాలి’ అని ఉండాలి. డిపాజిట్ వాపసు అంటే సరిపోదు. దుకాణం మానేశాక ఎన్ని రోజుల్లో ఇస్తారో, ఏవేవి మినహాయించుకుంటారో ఉండాలి. రెండేళ్ల లోపు మానేస్తే ఎంత పోతుందో రూపాయల్లో రాయాలి. ఒప్పందం ముగిశాక టిఫిన్ వ్యాపారమే చేయకూడదనే షరతు కొందరు పెడతారు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అలాంటి నిషేధం మామూలుగా నిలవదు కాబట్టి, భయపెట్టడానికే పనికొచ్చే ఆ వాక్యాన్ని తీసేయమంటాను. సంస్థ పేరు, బోర్డు వాడకూడదన్నది వేరు, అది న్యాయమైన షరతు.

మూడో దారికి కూడా ఒక తూటు ఉంది. చాలా ఒప్పందాల్లో ‘ఈ పత్రంలో లేని ఏ మాటా మాకు వర్తించదు’ అనే నిబంధన ఉంటుంది. బ్రోచర్ ఎంత నిజాయితీగా రాసినా, సంతకం పెట్టిన మరుక్షణం దాని విలువ ఆ ఒక్క వాక్యంతో సన్నగిల్లుతుంది. పైగా ఒప్పందం తరచు ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే అంకెలు, బాధ్యతలు ఉన్న పేజీని తెలుగులో, ఒడియాలో ఒకే అంకెలతో అచ్చు వేసి, ఏ నెల నుంచి ఏ నెల వరకు లెక్కో తేదీ వేసి, ఒప్పందానికి అనుబంధంగా జతచేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇందుకు ఒప్పుకునే సంస్థ బ్రోచర్‌లో ఒక్క అంకె కూడా ఊరికే రాయదు.