ఏడేళ్లు వాడిన ఏడీఎస్ఎల్ రౌటర్: నాకు నచ్చింది అందులో ఒక్క పేజీ

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో, ల్యాండ్‌లైన్ తీగ మీదే నెట్ ఇచ్చే ఈ రౌటర్ ఏడేళ్లు నడిచింది. వైఫై సంగతి వాడినవాళ్లకు తెలిసిందే, పక్క గదిలోకి రావడమే కష్టం. అయినా ఫైబర్ వచ్చాక కూడా దీన్ని పారేయబుద్ధి కాలేదంటే కారణం ఒక పేజీ. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి Device Info, Statistics, ADSL వరసగా నొక్కితే వచ్చే అంకెల పట్టిక అది. టెల్నెట్ తెలిసినవాళ్లు ఇదే సమాచారం ఒక్క కమాండ్‌తో తెచ్చుకోవచ్చు:

```
adsl info --stats
```

అందులో SNR అని కనిపించే అంకే నాయిస్ మార్జిన్. లైనులో రొద ఇప్పుడున్నదానికంటే ఇంకా ఎన్ని డెసిబెల్స్ పెరిగితే తప్పులు హద్దు దాటతాయో అది చెబుతుంది. ఆ హద్దు కోటి బిట్లకు ఒక తప్పు. మామూలుగా 6 దగ్గర ఉంటే బొటాబొటి, 10 దాటితే నిశ్చింత. దాని కింద Attn అన్నది సిగ్నల్ దారిలో ఎంత తగ్గిపోయిందో చెప్పే అంకె. లైను బాగున్న రోజుల్లో మా ఇంట్లో డౌన్‌లోడ్ వైపు మార్జిన్ 17, Attn 29, స్పీడు ప్లాను ప్రకారం 4096 కేబీపీఎస్ ఉండేవి. ఈ మూడూ క్యాలెండర్ వెనక రాసిపెట్టుకున్నాను. ఆ కాగితమే తర్వాత అక్కరకొచ్చింది.

ఒక అక్టోబరులో వానలు పడి వెలిసిన వారానికి గొడవ మొదలైంది. ల్యాండ్‌లైన్ మోగిందంటే నెట్ పోయేది. రెండు నిమిషాల్లో తిరిగి వచ్చేది, కానీ వీడియో కదిలేది కాదు. కంప్లయింట్ ఇస్తే లైన్‌మన్ గారు వచ్చారు, టెస్ట్ ఫోన్ తగిలించి విన్నారు. "టోన్ క్లియర్‌గా ఉందండీ, గరగర కూడా లేదు. మోడెమ్ మార్చుకోండి" అని వెళ్లిపోయారు. మళ్లీ కంప్లయింట్, మళ్లీ అదే మాట. మూడోసారికి ఫోన్‌లోనే కంప్లయింట్ మూసేశారు. మా అమ్మకు ఆ ల్యాండ్‌లైన్ మీదే అక్కయ్యతో మాట్లాడే అలవాటు, నాకు ఆ లైను మీదే ఉద్యోగం. ఆ రెండు వారాలు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ రెండు వారాల్లో కొంత ఆలస్యం ఈ పేజీ వల్ల కూడా జరిగింది. నెట్ తిరిగొచ్చిన ప్రతిసారీ నేను చూస్తే మార్జిన్ 6.5 ఉండేది. తగ్గింది గానీ నడుస్తుందిలే అనుకున్నాను. అసలు విషయం తర్వాత అర్థమైంది. లైను పాడైతే రౌటర్ కొత్తగా కలిసేటప్పుడు మార్జిన్ 6 నిలిచేలా స్పీడునే తగ్గించుకుంటుంది. అంటే చెడు అంతా స్పీడు అంకెలో కనిపిస్తుంది, మార్జిన్ మాత్రం బాగానే ఉన్నట్టుంటుంది. పక్కనే ఉన్న Rate చూస్తే 4096 కాస్తా 2208కి దిగింది. Attn కూడా 29 నుంచి 34కి పెరిగింది. ఎక్స్ఛేంజీ నుంచి మా ఇల్లు దూరం జరగలేదు కదా. వైరు పొడవు మారకుండా ఆ అంకె 5 పెరిగిందంటే దారిలో ఎక్కడో అతుకు చెడినట్టు. మార్జిన్ ఒక్కటే చూసి ఏదీ తేల్చుకోకూడదని నాకు అప్పుడు తెలిసింది.

ముందు మా ఇంటి తప్పు లేదని తేల్చుకున్నాను. ఎక్స్‌టెన్షన్ వైర్లన్నీ ఊడదీసి, బయటి నుంచి వైరు వచ్చి చేరే రోజెట్ దగ్గరే ఫోన్‌నూ నెట్‌నూ వేరుచేసే స్ప్లిటర్, రౌటర్, ఒక్క ఫోన్ పెట్టాను. అంకెల్లో మార్పు లేదు. ఆ రాత్రి పేజీ తెరిచి ఉండగానే అమ్మ ఫోన్ ఎత్తి నంబరు కొట్టింది. రిఫ్రెష్ చేశాను. అప్పటిదాకా 5.2 ఉన్న మార్జిన్ 11.8 అయింది. ఫోన్ పెట్టేసిన నిమిషానికి మళ్లీ 5 దగ్గరికి వచ్చింది. నమ్మలేక అమ్మచేత నాలుగుసార్లు ఎత్తించి పెట్టించాను. నాలుగుసార్లూ అంతే.

కారణం ఇది. రాగి తీగల అతుకుకు తడి తగిలి చిలుము పడితే అక్కడ సన్నటి పొర ఏర్పడుతుంది. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు లైనులో కరెంటు దాదాపు పారదు, ఆ పొర బలహీనమైన డీఎస్ఎల్ సిగ్నల్‌కు అడ్డు నిలుస్తుంది. జంటలో ఒక తీగ మాత్రమే ఇలా అయితే రెండిటి సమతూకం పోయి, మామూలుగా రద్దయిపోయే బయటి రొద అంతా లోపలికి వస్తుంది. ఫోన్ ఎత్తగానే ఇరవై, ముప్పై మిల్లీ ఆంపియర్ల కరెంటు పారి ఆ పొరను ఛేదిస్తుంది, అతుకు కాసేపు మంచిదైపోతుంది. రింగు ఓల్టేజీ వచ్చినప్పుడు ఆ అతుకు ఉన్నట్టుండి మారిపోతుంది, అందుకే నెట్ తెగిపోయేది. లైన్‌మన్ గారికి ప్రతిసారీ టోన్ శుభ్రంగా వినిపించిందంటే ఆయన తప్పేమీ లేదు. ఆయన టెస్ట్ ఫోన్ పెట్టి వినడమే ఆ జబ్బును దాచేస్తోంది.

దీనికి ఉల్టా జరిగితే, అంటే ఫోన్ ఎత్తినప్పుడు మార్జిన్ పడిపోతే, ముందు ఇంట్లో స్ప్లిటర్ లేని ఫోన్ ఏదైనా ఉందేమో వెతకండి.

ఈసారి ఆయన వచ్చినప్పుడు వాదించలేదు. లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, "అన్నా, మీరే ఫోన్ ఎత్తండి, ఈ అంకె చూడండి" అన్నాను. రెండుసార్లు చూశారు. "ఇది డ్రై జాయింటండీ, డీపీ దగ్గర్నుంచి చూద్దాం" అని నిచ్చెన వేశారు. వీధిలో ఇళ్ల లైన్లు విడిపోయే ఆ డీపీ బాక్సులో స్క్రూలు బాగానే ఉన్నాయి. అక్కడి నుంచి మా ఇంటికి వచ్చే డ్రాప్ వైరు మధ్యలో, ఎప్పుడో చెట్టు కొమ్మ నరికినప్పుడు తెగితే మెలేసి టేపు చుట్టిన చోటు దొరికింది. టేపు విప్పితే ఒక తీగ పచ్చగా చిలుము పట్టి, గోటితో తాకితే పొడి రాలింది. అంతవరకూ కోసేసి, జెల్లీ ఉన్న కనెక్టర్‌తో కలిపారు. రౌటర్ మళ్లీ కలిశాక చూస్తే:

```
SNR (dB):   16.4
Attn(dB):   29.0
```

స్పీడు 4096. ఫోన్ ఎత్తినా పెట్టినా అర డెసిబెల్ కూడా కదల్లేదు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

ఈ పేజీ గురించి ఇంకో మాట. కరెంటు పోయి వస్తే CRC అనే తప్పుల లెక్కలన్నీ సున్నాకు వస్తాయి, కాబట్టి రాసిపెట్టుకోకపోతే పాతవాటితో పోల్చలేరు. రాత్రిపూట మార్జిన్ ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గితే కంప్లయింట్ ఇవ్వకండి. మీడియం వేవ్ రేడియో కూడా ఇదే ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, చీకటి పడ్డాక అది చాలా దూరం ప్రయాణిస్తుంది. తప్పు ఎక్కడ ఉందో కూడా ఈ అంకెలు చూపవు. ఆ టేపు అతుకును కనిపెట్టింది లైన్‌మన్ గారి కళ్లే.

ఇప్పుడు ఇలాంటి పాత రౌటర్ కొనమని చెప్పగలనా? మీ వీధికి ఫైబర్ వచ్చి ఉంటే అవసరం లేదు. మా లాగా ల్యాండ్‌లైన్ వదలలేని పెద్దవాళ్లు ఉండి, ఇంకా రాగి తీగ మీదే నెట్ నడుస్తుంటే, ఈ పేజీ పూర్తిగా చూపించే రౌటర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా నేనైతే తీసుకుంటాను. కొన్నిటిలో కనెక్టెడ్ అని మాత్రమే చూపిస్తుంది, అలాంటిది వద్దు.