రెండేసి రోజుల షిఫ్టు: పద్నాలుగు నెలలు చేశాక

మా దగ్గర షిఫ్టులు మారాయని తెలిసిన పాత స్నేహితులు ఎలా ఉందని అడుగుతున్నారు. నాకు నచ్చింది ఒకే ఒక్కటి, ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకి మారేటప్పుడు మధ్యలో దొరికే 24 గంటల గ్యాప్. దాని కోసం మిగతావన్నీ భరిస్తున్నాను. ఆ గ్యాప్ పోయిన రోజున ఏమైందో కూడా చెప్తాను.

మాది పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ ప్లాంటు. నేను యుటిలిటీలో, బాయిలర్ దగ్గర. నిరుడు ఒక సి షిఫ్టులో, అంటే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఉండే నైట్లో, హ్యాండోవర్ అయ్యాక మా ఇన్‌ఛార్జి గారు అందర్నీ కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టారు. హెల్మెట్లు, గ్లౌజులు అని పాత పాటే మొదలుపెడతారనుకున్నాం. ఆయన లాగ్ బుక్ తెరిచారు. తెల్లవారుజామున 3, 4, 5 గంటల స్టీమ్ ప్రెషర్ మూడు గళ్లలోనూ 10.2 అని ఉంది. పక్కనే అదే రాత్రి రీడింగులు తనంతట తానే నమోదు చేసుకునే డీసీఎస్ కంప్యూటర్‌లోంచి తీసిన ట్రెండ్ కాగితం పెట్టారు. అందులో గీత 9.6కి దిగి మళ్లీ పైకి లేచింది.

"ఈ రాత ఎవరిదో నాకక్కర్లేదు. ఆ టైముకి ఎవరిని కూర్చోబెట్టినా ఇదే రాస్తారు" అన్నారు. ఆ రాత నాదే. తల ఎత్తలేదు.

తిట్టకుండా మొదలుపెట్టారు కాబట్టి మిగతాది విన్నాం. పాత పద్ధతిలో వారమంతా సి, తర్వాత వారం మధ్యాహ్నం 2కి ఎక్కే బి, ఆ తర్వాత పొద్దున 6కి ఎక్కే ఏ. వీక్లీ ఆఫ్ వారం మధ్యలో ఎప్పుడో వచ్చేది. షిఫ్టు మారేది ఆదివారం. ఆదివారం పొద్దున 6కి నైట్ దిగితే అదే రోజు మధ్యాహ్నం 2కి బి ఎక్కాలి. ఇంకో వారం శనివారం రాత్రి 10కి బి దిగి, పొద్దున 6కి ఏ. రెండుసార్లూ మధ్యలో ఉన్నది ఎనిమిది గంటలే. అందులో బస్సు, స్నానం, తిండి పోగా నిద్రకి మిగిలేదెంతో బోర్డు మీద లెక్కేసి చూపించారు. ఇన్నేళ్లుగా చేస్తున్నాం కానీ ఎవరమూ ఆ లెక్క వేసుకోలేదు.

కొత్తది ఇలా. రెండు రోజులు ఏ, రెండు రోజులు బి, రెండు రోజులు సి, తర్వాత రెండు ఆఫ్‌లు. ఎనిమిది రోజులకి ఒక చుట్టు. మధ్యాహ్నం 2కి ఏ దిగితే మర్నాడు 2కి బి. రాత్రి 10కి బి దిగితే మర్నాడు 10కి సి. చాలామందికి ఒంట్లోని గడియారం 24 గంటల కన్నా కాస్త ఎక్కువే తీసుకుంటుందట. అందుకే రోజూ కాస్త ఆలస్యంగా పడుకోవడం తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. షిఫ్టు కూడా అటువైపే జరగాలన్నారు. ఒకాయన లేచి, రెండు రాత్రుల్లో ఒళ్లు ఎలా అలవాటు పడుతుంది సార్ అని అడిగాడు. "అలవాటు పడొద్దు. పడేలోపే మిమ్మల్ని దింపేస్తాను" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాం కానీ అసలు కిటుకు అదే.

మొదటి మూడు నెలలు నేను ఎంత మెచ్చుకున్నానంటే, పక్క ప్లాంటువాళ్లకి కూడా కాగితం మీద గీసి చూపించాను. ఏ నుంచి బికి మారే రోజు పొద్దున అలారం లేకుండా లేస్తాం. ఆ సుఖం షిఫ్టులు చేసినవాళ్లకే తెలుస్తుంది. నైట్లో నాలుగు గంటలకి కళ్లు మూతలు పడటం ఆగలేదు, ఆ టైములో అది ఆగదు కూడా. కానీ మూడో నైట్, నాలుగో నైట్ అంటూ నిద్ర బాకీ పేరుకుపోవడం లేదు.

ఇప్పుడు ఆ మెచ్చుకోలుని కాస్త సవరించుకోవాలి. రెండు ఆఫ్‌లు అన్నారు కదా, రెండో నైట్ దిగేది మొదటి ఆఫ్ రోజు పొద్దున్నే. ఆ రోజంతా పడకే. తేరుకుని చూస్తే మిగిలేది ఒక్క రోజు. ఆదివారాల లెక్క ఇంకా అన్యాయం. ఎనిమిది వారాల్లో రెండు ఆదివారాలు ఆఫ్ వస్తాయి, వాటిలో ఒకటి నైట్ దిగి నిద్రపోయేదే. పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లే అసలైన ఆదివారం రెండు నెలలకి ఒకటి.

నేను ఊహించనిది మరొకటి. నా మటుకు చుట్టు మొత్తంలో బరువైనది నైట్ కాదు, ఆఫ్ అయ్యాక వచ్చే మొదటి ఏ షిఫ్టు. గాజువాకలో 4.50కి బస్సు ఎక్కాలంటే 4.10కి లేవాలి. ముందురోజు ఇంట్లో అందరితో పాటు పడుకునేసరికి పదకొండు. ఆ రాత్రి ఇన్‌ఛార్జి గారి టాక్‌లో దీని గురించి ఒక్క మాటైనా రాలేదు.

ఇక ఆ రోజు సంగతి. ఐదో నెల. నాకు రెండో బి. రాత్రి 10కి నా రిలీవర్ ఫోన్ చేసి పిల్లాడికి జ్వరం, రాలేనన్నాడు. బాయిలర్ వదిలి వెళ్లలేం కదా, అతని షిఫ్టు కూడా నేనే ఉండి డబుల్ చేశాను. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే పక్కింట్లో స్లాబ్ వేస్తున్నారు. మూడున్నర గంటల నిద్ర. రాత్రి 10కి మళ్లీ నాదే సి. 24 గంటల గ్యాప్ పదహారైంది.

రాత్రి లోడ్ తక్కువ కాబట్టి, బాయిలర్‌కి వెళ్లే నీళ్లలో హార్డ్‌నెస్ తీసే సాఫ్ట్‌నర్‌ని మళ్లీ పనికొచ్చేలా చేసే రీజనరేషన్ ఆ టైములోనే పెట్టుకుంటాం. బ్యాక్‌వాష్ చేసి, ఉప్పునీళ్లు పంపి, తర్వాత రిన్స్. టెస్ట్ చేస్తే నీళ్లు నీలంగా వచ్చేవరకు రిన్స్ చెయ్యాలి. ఎరుపు తిరిగితే హార్డ్‌నెస్ ఇంకా ఉన్నట్టే. నేను చేశాననే అనుకున్నాను. లాగ్‌లో 3.20కి 'రిన్స్ ఓకే' అని నా చేతిరాతే. పొద్దున ఏ షిఫ్టు అబ్బాయి ఫీడ్ వాటర్ టెస్ట్ చేస్తే వైన్ రంగు వచ్చింది, నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క చెప్పే టీడీఎస్ కూడా పెరిగి ఉంది. సాఫ్ట్‌నర్ ఆపి, ట్యాంకు నీళ్లు వదిలేసి, బాయిలర్‌లోని నీళ్లు కొన్ని బయటికి వదిలే బ్లోడౌన్ పెంచారు. దేనికీ ఏమీ కాలేదు. నన్ను వణికించింది నీళ్లు కాదు. ఆ రిన్స్ వాల్వు ముట్టుకున్నట్టు గానీ, టెస్ట్ చేసినట్టు గానీ నాకు గుర్తే లేదు. లాగ్ మాత్రం నిండి ఉంది. 10.2, 10.2, 10.2 అన్న ఆ పేజీయే గుర్తొచ్చింది.

ఎక్స్‌ప్లనేషన్ అడిగారు. డబుల్ సంగతి రాసిచ్చాను. ఇన్‌ఛార్జి గారు అది చదివి, రెండో బి రోజున ఎవరికీ డబుల్ వెయ్యకూడదని, జనరల్ షిఫ్టు నుంచి ఒకరిని ఫోన్‌కి అందుబాటులో ఉంచాలని నోటీసు పెట్టించారు. నాలుగు నెలలు బాగా నడిచింది. తర్వాత ఆ జనరల్ షిఫ్టు మనిషిని వేరే బ్లాక్‌కి మార్చారు, ఆ చోటు ఖాళీగానే ఉంది. అసలు ఇబ్బంది ఇక్కడే. ఈ రొటేషన్‌కి నాలుగు పూర్తి గ్రూపులు కావాలి. వారానికి సగటున 42 గంటల డ్యూటీ అంటే వినడానికి బాగుంటుంది, కానీ ఒక్క మనిషి తగ్గితే ఆ గంటలు ఇంకొకరి నెత్తిన పడతాయి. ఆ నోటీసు తర్వాత నన్ను రెండుసార్లు డబుల్ అడిగారు. ఒకసారి చేశాను, ఒకసారి కుదరదన్నాను.

తీసుకోమంటారా అంటే, అది మీ ఇంటిని బట్టి. నాకు నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు, పగలు తలుపేసుకుని పడుకోవడానికి ఒక గది ఉంది. నాకు ఇదే నయం, పాతదానికి పొమ్మంటే వెళ్లను. మా గ్రూపులో పెళ్లికాని కుర్రాడికి మాత్రం నైట్ అలవెన్స్, ఓటీ తగ్గాయని గొణుగుడు. అదీ నిజమే. మీ ప్లాంటులో ఎవరైనా ఇలాంటి టాక్ ఇస్తే బోర్డు మీద బొమ్మ చూసి ఊరుకోకండి. రిలీవర్ రాకపోతే ఎవరొస్తారని అడగండి, పేరు చెప్పమనండి. మేము ఆ రాత్రి అది అడగలేదు.