ఆరేళ్లుగా వాడుతున్న ఏఎం కిట్: మాడ్యులేటర్ బాగుంది, డిటెక్టర్ దగ్గరే ఇబ్బంది

గుంటూరులో మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్ నేర్పే ఈ కిట్‌ని ఆరేళ్లుగా వాడుతున్నాను. 100 కిలోహెర్ట్జ్ క్యారియర్, 1 కిలోహెర్ట్జ్ మెసేజ్. మాడ్యులేటర్ భాగానికి వంక పెట్టడానికి లేదు. నాబ్ తిప్పితే మాడ్యులేషన్ ఇండెక్స్, అంటే మెసేజ్ క్యారియర్‌ని ఎంత లోతుగా మారుస్తోందన్న కొలత, నెమ్మదిగా పెరుగుతుంది, తరంగం ఆకారం చెడదు. సిఆర్ఓ మీద ఎన్వలప్ శిఖరం 3 వోల్టులు, లోయ 1 వోల్టు ఉంటే, వాటి తేడాను మొత్తంతో భాగిస్తే 0.5 వస్తుంది. పిల్లలకు అది ఒక్క పూటలో పట్టుబడుతుంది.

బాధంతా డిటెక్టర్‌తోనే. 0.5 దగ్గర చక్కటి సైన్ వేవ్ ఇస్తుంది. 0.8కి పెంచగానే ఎక్కే వైపు బాగానే ఉండి, దిగే వైపు వంపు పోయి ఏటవాలు గీతలా అవుతుంది. "మేడం, ఇది రంపం పళ్లలా ఉందేంటి?" అని ఒకమ్మాయి అడిగాక, బోర్డు వెనక్కి తిప్పి చూశాను. 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్. అంటే RC 220 మైక్రోసెకన్లు. లెక్క ఇదీ:

```
RC ≤ √(1−m²) / (2πf·m)
```

m అంటే ఇండెక్స్, f అంటే మెసేజ్ ఫ్రీక్వెన్సీ. f 1 కిలోహెర్ట్జ్ అయితే, m 0.5 దగ్గర హద్దు సుమారు 276 మైక్రోసెకన్లు, 0.8 దగ్గర 119 మాత్రమే. ఎన్వలప్ దిగినంత వేగంగా కెపాసిటర్ ఖాళీ కాలేకపోతోంది. రెసిస్టర్ తీసి 10 కిలో ఓమ్‌లది పెట్టాను. RC 100 అయింది, వంపు తిరిగొచ్చింది.

దానికి వెల కూడా ఉంది. క్యారియర్ ఒక సైకిల్ 10 మైక్రోసెకన్లు, RC దానికి పది రెట్లే కాబట్టి అలల్లాంటి రిపుల్ దాదాపు పది శాతం కనిపిస్తుంది. రేడియోలో ఈ పని 455 కిలోహెర్ట్జ్ దగ్గర జరుగుతుంది, అందుకే అక్కడ ఇంత ఇబ్బంది ఉండదు. నేను డిటెక్టర్ తర్వాత ఇంకో చిన్న RC ఫిల్టర్ కలిపాను.

ఇంకొకటి, దీనితో చాలామంది పొరబడతారు. అడుగు భాగం వాలకుండా బల్లపరుపుగా తెగిందంటే తప్పు RCది కాదు, డయోడ్‌ది. శిఖరం 3.6, లోయ 0.4 వోల్టులు ఉంటే ఇండెక్స్ 0.8; కిట్‌తో వచ్చిన సిలికాన్ డయోడ్ తెరుచుకోవడానికే దాదాపు 0.6 కావాలి. లోయ దగ్గర అది అసలు కదలదు. ఓఏ79 జెర్మేనియం డయోడ్ వేశాక 0.2, 0.3 వోల్టులకే పని మొదలుపెట్టింది.

ఇండెక్స్ 1 దాటితే మాత్రం ఏ రెసిస్టరూ, ఏ డయోడూ కాపాడలేవు. ఎన్వలప్ సున్నా దగ్గర మడతపడి పైకి లేస్తుంది, డిటెక్టర్ ఆ మడతనే మెసేజ్ అనుకుని ఇస్తుంది.

ఇప్పుడు 10 కిలో ఓమ్‌ల చోట 4.7 కిలో ఓమ్‌లకు వరుసలో ఒక పాట్ బిగించాను. పిల్లలు దాన్ని తిప్పుతూ, వాలు గీత మొదలైన చోట ఆపి, రెసిస్టెన్స్ కొలిచి, పై లెక్కతో పోల్చుకుంటున్నారు.