అనంతపురంలో 14కి సున్నా: రెండు ఎన్నికల పద్ధతుల పోలిక

ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 అసెంబ్లీ స్థానాలున్నాయి. 2019లో వైఎస్సార్‌సీపీకి 12 వచ్చాయి, 2024లో ఒక్కటీ రాలేదు. జనం అంతా మారిపోయారా? లేదు. 2024లోనూ రాష్ట్రంలో ఆ పార్టీకి 39 శాతం పైగా ఓట్లు పడ్డాయి. 175లో సీట్లు మాత్రం 11. మన పద్ధతిలో ప్రతి స్థానంలోనూ మొదట నిలిచినవాడే గెలుస్తాడు, రెండోవాడి ఓట్లకు లెక్కే లేదు. 2019లో ఇదే దెబ్బ టీడీపీకి తగిలింది: 39 శాతం ఓట్లు, 23 సీట్లు.

దామాషా పద్ధతిలో ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచుతారు. రాష్ట్రమంతా ఒకే లెక్కగా తీసుకుంటే ఆ 39 శాతానికి 69 దాకా సీట్లు వచ్చేవి. పద్ధతి మారితే జనం ఓటేసే తీరూ మారుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే.

అసలు తేడా చిన్న పార్టీల దగ్గర తెలుస్తుంది. 2019లో జనసేనకు 5.5 శాతం ఓట్లొచ్చినా దక్కింది ఒక్క సీటు. జర్మనీలోలా కనీసం 5 శాతం ఓట్లొస్తేనే సీట్లు అన్న హద్దు పెట్టినా దానికి తొమ్మిదో పదో వచ్చేవి. మన పద్ధతిలో అలాంటి పార్టీకి ‘ఓటు వేస్టవుతుంది’ అన్న అనుమానమే పెద్ద శత్రువు. అందుకే 2024లో అది పొత్తులో చేరి, పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. దువెర్జే అనే ఫ్రెంచి పండితుడు చెప్పింది ఇదే: ఈ పద్ధతి పోటీని రెండు పక్షాల వైపు నెడుతుంది.

దామాషాలో ఎవరికి వారు పోటీ చేసి, పొత్తులు ఫలితాల తర్వాత కుదుర్చుకోవచ్చు. నాకు నచ్చనిది అదే. ఎవరు ఎవరితో కలుస్తారో ఓటరుకు ముందే తెలియడం మేలు.