గాలి గొంతా, కిరకిర గొంతా: మాటల్ని విడదీయడానికి ఏది మేలు?

ఒకే అచ్చును మూడు రకాల గొంతుతో పలకొచ్చు. స్వరతంత్రులు క్రమం తప్పకుండా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే మనం రోజూ మాట్లాడే మామూలు గొంతు, అంటే మోడల్ వాయిస్. అవి కంపిస్తూనే పూర్తిగా కలవక మధ్యలోంచి గాలి జారిపోతుంటే బ్రెతీ, గట్టిగా నొక్కుకుని ఆగి ఆగి కొట్టుకుంటే క్రీకీ. తెలుగులో అచ్చుల్లో ఈ తేడాతో మాట అర్థం మారదు, అందుకే మనకి వీటిమీద పెద్దగా ధ్యాస ఉండదు. కొన్ని భాషల్లో మాత్రం మాటే మారిపోతుంది.

ముందు బ్రెతీ సంగతి. దీనికి గుజరాతీని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. అక్కడ మామూలు గొంతుతో ‘బార్’ అంటే పన్నెండు. అదే మాటలో అచ్చును గాలి గొంతుతో పలికితే బయట అని అర్థం. రాసేటప్పుడు ‘బహార్’ అనే రాస్తారు, కానీ మామూలు మాటల్లో మధ్యలో హ కరిగిపోయి దాని ఊపిరి అచ్చులోకి చేరిపోతుంది. మూడోది ‘భార్’, అంటే బరువు, మన భారమే. ఈ చివరి రెండూ చెవికి చాలా దగ్గరగా ఉంటాయి, ముఖ్యంగా మాట్లాడేటప్పుడు భ ని బ గా పలికేసే అలవాటున్న మనలాంటివాళ్లకి. తేడా అంతా ఊపిరి ఎంతసేపు ఉంటుందన్నదే: ‘భార్’లో అది హల్లు వదిలిన వెంటనే వచ్చి అచ్చు నడుస్తుండగా తగ్గిపోతుంది, ‘బయట’లో అచ్చు లోపలిదాకా సాగుతుంది.

చెవి మీద నమ్మకం లేకపోతే కొలవొచ్చు. ధ్వనిని కొలిచే Praat అనే సాఫ్ట్‌వేర్‌లో అచ్చు ముక్క తీసుకుని స్పెక్ట్రమ్ చూస్తే, గొంతు కంపించే వేగం దగ్గరే కనబడే మొదటి హార్మోనిక్ ఎత్తు H1, దానికి రెట్టింపు దగ్గర కనబడే రెండోదాని ఎత్తు H2. గాలి గొంతులో H1 బాగా పైకి లేస్తుంది కాబట్టి H1 − H2 పెరుగుతుంది, క్రీకీలో తగ్గుతుంది. ఒకావిడ 200 హెర్ట్జ్ స్థాయిలో, అంటే ఆ పిచ్‌లో, ‘పన్నెండు’ అన్నప్పుడు తేడా 2 డెసిబెల్స్ వచ్చి ‘బయట’ అన్నప్పుడు 8 వచ్చిందనుకుందాం, అప్పుడు ఆవిడ మాటలో భేదం ఉందని చెప్పొచ్చు. కానీ ఆ 8 ని ఇంకొకరి 8 తో పోల్చకూడదు. ఎవరి మామూలు గొంతు వాళ్లదే, పోలిక ఆ మనిషి లోపలే జరగాలి. ఇంకో చిక్కేమిటంటే, పిల్లల గొంతు 350 హెర్ట్జ్ దాటితే H2 ‘ఆ’ మొదటి ఫార్మంట్ దగ్గరికి, అంటే నోటి ఆకారం ధ్వనిని బలపరిచే చోటికి, వెళ్లి ఉబ్బుతుంది, దాంతో నిజంగా గాలి ఉన్నా లెక్కలో కనబడదు. పెద్దవాళ్ల ‘ఆ’తో మొదలుపెట్టడం క్షేమం. ‘ఈ’, ‘ఊ’లలో ఫార్మంట్ కిందే ఉంటుంది కాబట్టి వాటిలో పెద్దవాళ్ల గొంతుతోనూ ఇదే సమస్య.

క్రీకీ అలా కాదు, దీన్ని పట్టుకోవడం తేలిక. డేనిష్‌లో ‘ఆమె’, ‘కుక్క’ అనే మాటల మధ్య తేడా ముఖ్యంగా స్టోడ్ అనే కిరకిర మీదే నిలబడుతుంది. తరంగం చూస్తే గొంతు కొట్టుకునే దెబ్బలు దూరదూరంగా, అడ్డదిడ్డంగా పడుతుంటాయి. కానీ దీనికో మూల్యం ఉంది: దెబ్బలు క్రమం తప్పితే స్థాయి వినబడదు, Praat కూడా పిచ్ గీతను మధ్యలో వదిలేస్తుంది, లేదా సగానికి పడేస్తుంది. పైగా వాక్యం చివర స్థాయి పడిపోయినప్పుడు చాలా భాషలవాళ్లం, మనమూ, కాస్త కిరకిరలాడతాం. అందుకని మాటల్ని విడివిడిగా చదివించి రికార్డు చేస్తే భాషలో ఉన్న క్రీకీ ఏదో, మాట ముగియడం వల్ల వచ్చినది ఏదో తెలియదు. మాటను వాక్యం మధ్యలో పెట్టి చెప్పించాలి.

నా మటుకు, స్థాయి అర్థాన్ని మార్చని భాషకి క్రీకీయే మేలు, చెవికి స్పష్టంగా తగులుతుంది కాబట్టి. గుజరాతీ బ్రెతీతోనే హాయిగా నెగ్గుకొస్తున్నా, హ ని పూర్తిగా పలికే జాగ్రత్త మాటల్లో ఆ భేదం సన్నబడుతుంది. స్థాయి కూడా అర్థం మార్చే భాషైతే లెక్క వేరు. మెక్సికోలోని ఓహాకా రాష్ట్రంలో మాట్లాడే హలాపా మజాటెక్‌లో మూడు గొంతులూ ఉన్నాయి, వాటితోపాటు మూడు స్థాయిలూ ఉన్నాయి. రెండూ ఒకదాన్నొకటి పాడుచేయకుండా గాలినీ కిరకిరనీ ఎక్కువగా అచ్చు మొదటి భాగంలోనే కానిచ్చేసి, మిగతా భాగాన్ని మామూలు గొంతుకి దగ్గరగా వదిలేస్తారు. స్థాయి అక్కడ శుభ్రంగా వినబడుతుంది. అందుకే ఈ భాషలో అచ్చు నడిమధ్యన ఒక్కచోట కొలిచి ఊరుకుంటే మూడు గొంతుల మధ్య తేడా చాలావరకు జారిపోతుంది. అచ్చును మూడు భాగాలు చేసి, మొదటి భాగంలో వచ్చిన H1 − H2 ని విడిగా చూడాలి.