క్విక్ షేర్, బ్లూటూత్: నెట్ లేని చోట ఫైలు ఎక్కడ ఆగిపోతుందో

పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీయడం నా పని. ఫంక్షన్ హాల్ భోజనాల సెల్లార్‌లోకి దిగితే సిగ్నల్ పోతుంది, ఏజెన్సీ ఊళ్లకు వెళితే బస్సు దిగకముందే పోతుంది. కానీ తాళి కట్టిన అరగంటకే "ఆ జీలకర్ర బెల్లం బిట్ నా ఫోన్‌కి కొట్టు బాబూ" అని అడిగే చుట్టాలు మాత్రం ప్రతి పెళ్లిలో ఉంటారు. ఒకప్పుడు అందరి ఫోన్లలో నెట్ లేకుండా ఫైళ్లు పంపే షేరిట్, జెండర్ యాప్‌లు ఉండేవి. 2020 జూన్‌లో కేంద్రం ఆపేసిన 59 యాప్‌లలో అవి రెండూ ఉన్నాయి. ఆ ఆగస్టులోనే గూగుల్ అదే పనికి ఆండ్రాయిడ్ ఫోన్లకు నియర్‌బై షేర్ తెచ్చింది. 2024 జనవరిలో దాన్ని శాంసంగ్ వాళ్ల క్విక్ షేర్‌తో కలిపేసి ఆ పేరే ఉంచారు. నియర్‌బై రోజుల నుంచి నేను వాడుతున్నది ఇదే.

ముందే చెప్పేస్తున్నా, నాకు ఇది నచ్చింది. కొత్తగా యాప్ ఎక్కించక్కర్లేదు, ప్రకటనలు లేవు, ఫొటో నాణ్యత తగ్గదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోయే ఫొటో ఇందులో తీసింది తీసినట్టే వెళుతుంది. చిక్కల్లా ఒకటే. పని చేయనప్పుడు ఎందుకు చేయలేదో ఇది సరిగ్గా చెప్పదు. "పంపలేకపోయాం" అని ఒక ముక్క చూపించి ఊరుకుంటుంది. అందుకే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిసి ఉండాలి.

జరిగేది ఇది. పక్కన ఎవరున్నారో వెతకడం బ్లూటూత్ వంతు. అవతలి ఫోన్ దొరికి, అక్కడ Accept నొక్కగానే రెండు ఫోన్లూ నేరుగా వైఫైతో ముడిపడతాయి. రూటర్ అక్కర్లేదు, సిమ్‌లో డేటా అక్కర్లేదు. ఒక ఫోన్ చిన్న వైఫై నెట్‌వర్క్ పెడుతుంది, రెండోది అందులోకి చేరుతుంది, ఫైలు దాని మీదుగా వెళుతుంది. నమ్మకం కుదరకపోతే రెండు ఫోన్లలోనూ ఫ్లైట్ మోడ్ వేసి, ఆ తర్వాత వైఫై, బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేసి పంపి చూడండి, వెళుతుంది. వైఫై ఏ నెట్‌వర్క్‌కూ కలిసి ఉండనక్కర్లేదు, ఆన్‌లో ఉంటే చాలు.

అంటే పని మూడు మెట్లలో నడుస్తుంది: కనిపించడం, కలవడం, మోయడం. ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకుంటే సగం పని అయినట్టే. లేకపోతే అందరూ చేసేదే చేస్తాం, అన్నీ ఆఫ్ చేసి ఆన్ చేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, చివరికి విసిగి వదిలేస్తాం.

ఈమధ్య ఒక పెళ్లిలో పెళ్లికూతురి బాబాయిగారికి తలంబ్రాల వీడియో పంపాల్సి వచ్చింది. 1.4 జీబీ ఫైలు. నా ఫోన్‌లో షేర్ నొక్కి క్విక్ షేర్ తెరిస్తే చుట్టూ ఉన్న వేరే ఫోన్లు రెండు కనిపించాయి కానీ ఆయనది లేదు. "బ్లూటూత్ వేశాను కదయ్యా" అంటారాయన. వేసిన మాట నిజమే. కానీ ఆయన ఫోన్ ఎవరికి కనిపించాలన్న దగ్గర Your devices అని ఉంది. అలా ఉంటే ఆయన సొంత గూగుల్ అకౌంట్ ఉన్న ఫోన్లకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. పైనుంచి కిందికి లాగితే వచ్చే బటన్లలో క్విక్ షేర్ మీద నొక్కి Everyone అని మార్చాం. అది పది నిమిషాలకే పనిచేస్తుంది, ఆ తర్వాత దానంతటదే పాత పద్ధతికి వెళ్లిపోతుంది. మార్చగానే ఆయన పేరు నా తెర మీదకు వచ్చింది.

ఇక్కడ Contacts అనే మధ్యరకం ఒకటుంది, చాలామందిని తికమక పెట్టేది అదే. మన నంబరు ఆయన ఫోన్‌లో ఉంటే చాలనుకుంటాం. చాలదు. ఇద్దరూ గూగుల్ అకౌంట్‌తో ఉండాలి, ఆ అకౌంట్‌కు కలిపిన నంబరో మెయిలో అవతలివాళ్ల కాంటాక్టుల్లో ఉండాలి. పైగా ఎవరు ఎవరో గుర్తుపట్టే వివరాలను ఫోన్ అంతకుముందే నెట్ ఉన్నప్పుడు తెచ్చిపెట్టుకోవాలి. సిగ్నల్ లేని ఊళ్లో కొత్త చుట్టానికి పంపేటప్పుడు ఇవన్నీ కుదరవు. అందుకే బయట ఎక్కడైనా సరే, నేను నేరుగా పది నిమిషాల Everyone పెట్టమంటాను. కొత్త ఫోన్లలో క్యూఆర్ కోడ్ చూపించి పంపే వీలు కూడా వచ్చింది, అది ఇంకా సుఖం.

కనిపించకపోవడానికి ఇంకో రెండు కారణాలు తరచూ చూశాను. ఒకటి, అవతలి ఫోన్ తెర ఆరిపోయి ఉండటం. తెర వెలిగి, లాక్ తీసి ఉండాలి, జేబులో ఉన్న ఫోన్‌కు పంపాలని చూస్తే దొరకదు. రెండోది, పాత ఆండ్రాయిడ్‌లో లొకేషన్ ఆపి ఉండటం. పాత వెర్షన్లలో బ్లూటూత్‌తో చుట్టుపక్కల వెతకాలంటే లొకేషన్ ఆన్‌లో ఉండాలి, జీపీఎస్‌తో పని లేకపోయినా సరే.

బాబాయిగారి కథకు వద్దాం. పేరు కనిపించింది, నొక్కాను, ఆయన Accept చేశారు. తెర మీద Connecting అని తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. అంటే మొదటి మెట్టు దాటాం, రెండోది తెగింది, తప్పు ఇక బ్లూటూత్‌ది కాదు. అప్పుడు అడిగాను, "బాబాయిగారూ, మీ ఫోన్ నుంచి ఎవరికైనా నెట్ ఇచ్చారా?" అని. "మా అబ్బాయికి పొద్దున హాట్‌స్పాట్ ఇచ్చాను, వాడు గేమ్ ఆడుకుంటున్నాడు" అన్నారు. దొరికింది. వైఫై రేడియో అప్పటికే హాట్‌స్పాట్‌కు పనిచేస్తుంటే, చాలా ఫోన్లలో దానికి ఇంకో నేరు కనెక్షన్ పెట్టడం కుదరదు. హాట్‌స్పాట్ ఆపగానే కలిసింది. అబ్బాయి అలిగాడు, అది వేరే సంగతి.

కలిసే దగ్గర ఆగినప్పుడు హాట్‌స్పాట్ తర్వాత నేను చూసేది బ్యాటరీ సేవర్, ఆపైన వీపీఎన్. ఆఫీసు ఫోన్లలో వీపీఎన్ నడుస్తున్న సంగతి వాళ్లకే గుర్తుండదు. ఇవేవీ కాకపోతే రెండు ఫోన్లలోనూ వైఫై ఆపి, కాసేపు ఆగి మళ్లీ వేస్తాను. సెట్టింగుల్లో బ్లూటూత్, వైఫై రీసెట్ అని ఒకటి ఉంటుంది కానీ దాన్ని చుట్టాల ఫోన్లలో ముట్టుకోను. ఇంట్లో పెట్టుకున్న వైఫై పాస్‌వర్డులు, జత చేసిన ఇయర్‌ఫోన్లు అన్నీ పోతాయి, ఆ మాట పడటం నావల్ల కాదు.

కలిశాక మొదట నెమ్మదిగా కదిలింది. ఇక్కడ కంగారు పడక్కర్లేదు. మొదట బ్లూటూత్ మీదే మొదలై, వైఫై దారి సిద్ధం కాగానే దాని మీదకు మారడం దీని పద్ధతి. కొన్ని క్షణాల తర్వాత గీత ఒక్కసారిగా పరుగు అందుకుంటే మారినట్టు. చివరిదాకా నత్తనడకే అయితే మారలేదన్నమాట, ఆపేసి వైఫై చూసుకుని మళ్లీ మొదలుపెట్టడం మేలు. ఆయనకు 1.4 జీబీ రెండు మూడు నిమిషాల్లో వెళ్లిపోయింది. రెండూ మంచి ఫోన్లై వేగమైన 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద కలిస్తే ఇంకా త్వరగా వెళుతుంది. ఏదో ఒక ఫోన్‌కు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. ఇంట్లో 2.4 రూటర్‌కు కలిసి ఉన్న ఫోన్ ఒక్కోసారి అదే ఛానెల్‌ను పట్టుకుని ఉంటుంది. అలాంటప్పుడు వైఫై ఆన్‌లోనే ఉంచి, రూటర్ నుంచి మాత్రం తెంపితే వేగం పెరగడం చాలాసార్లు చూశాను.

ఇదే ఫైలు ఉత్త బ్లూటూత్‌లో పంపితే ఎంతసేపో లెక్క వేద్దాం. ఫోన్ల మధ్య ఫైలు పంపే పాత బ్లూటూత్ పద్ధతికి కాగితం మీద సెకనుకు 3 మెగాబిట్లు, చేతికి అందేది 2 దగ్గర. అంటే సెకనుకు పావు మెగాబైటు దగ్గర. 1.4 జీబీకి గంటన్నర పైనే పడుతుంది, మధ్యలో ఎవరూ పక్క గదిలోకి కూడా వెళ్లకూడదు. డబ్బా మీద బ్లూటూత్ 5 అని రాసి ఉంటే వేగంగా వెళుతుందని చాలామంది అనుకుంటారు. ఆ కొత్త వేగం తక్కువ కరెంటుతో నడిచే వేరే రకం బ్లూటూత్‌ది. ఫైళ్లు వెళ్లే పాత దారి పాతగానే ఉంది.

అయినా బ్లూటూత్‌ను నేను వదల్లేదు. ఒక కాంటాక్టు, రెండు పేజీల పీడీఎఫ్, ఒకటి రెండు ఫొటోలు అయితే అది చాలు. కీప్యాడ్ ఫోన్ ఉన్న తాతగారికి మనవరాలి పెళ్లి ఫొటో పంపాలంటే మిగిలిన దారి అదొక్కటే, చిన్న సైజు చేసి పంపితే అందులోనూ తెరుచుకుంటుంది. దాంట్లో వచ్చే తంటా పేర్లది. జాబితాలో ఒకే మోడల్ పేరుతో నాలుగు ఫోన్లు ఉంటాయి, ఏది ఎవరిదో తెలియదు. బ్లూటూత్ సెట్టింగుల్లో ఫోన్ పేరు మార్చుకుంటే ఆ గొడవ పోతుంది. ఐఫోన్‌కు మాత్రం ఆండ్రాయిడ్ నుంచి బ్లూటూత్‌తో ఫైలు వెళ్లదు, ఎంత జత చేసినా అంతే. వాళ్ల ఎయిర్‌డ్రాప్ ఆపిల్ వస్తువుల మధ్య నడిచేది. 2025 నవంబరులో పిక్సెల్ 10 ఫోన్ల క్విక్ షేర్ నుంచి ఎయిర్‌డ్రాప్‌కు పంపే వీలు వచ్చింది కానీ, పెళ్లికి వచ్చిన పదిమందిలో ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటుంది?

ఫైలు వెళ్లాక కూడా "రాలేదు" అనే ఫోన్ వస్తుంది. వచ్చే ఉంటుంది. గ్యాలరీలో వెతకడం మాని, ఫైల్స్ యాప్‌లో Download లోపల Quick Share ఫోల్డర్ చూడమంటాను. బ్లూటూత్‌లో వచ్చింది కొన్ని ఫోన్లలో Download లోనే, కొన్నింటిలో Bluetooth అన్న వేరే ఫోల్డర్‌లో ఉంటుంది. ఇంకొకరు "మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు" అంటారు. అది పంపడంలో లోపం కాదు. నా కెమెరాలో వీడియో హెచ్‌ఈవీసీ రకంలో తీస్తే పాత ఫోన్లు దాన్ని చూపించలేవు. చుట్టాలకు ఇచ్చే బిట్లు మామూలు హెచ్.264 లో ఉంచుకుంటే ఈ ఫిర్యాదు రాదు. ఒక మాట, ఫొటో ఉన్నదున్నట్టు వెళ్లడంతో, కెమెరాలో లొకేషన్ ముద్ర ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా దాంతో వెళుతుంది. ఇంట్లో తీసిన పసిపిల్లల ఫొటోలు తెలియనివాళ్లకు పంపేటప్పుడు దాన్ని తీసేసి పంపుతాను.

పూర్తి పెళ్లి వీడియోకు క్విక్ షేర్ నేను వాడను. మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచి పంపాల్సి వస్తుంది, అరగంట పాటు రెండు ఫోన్లను పక్కపక్కన కాపలా కాయడం పెళ్లింట్లో కుదిరే పని కాదు. దానికి ఫోన్‌కు నేరుగా గుచ్చుకునే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు అందులో పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసినది తెమ్మని ముందే చెబుతాను.